స్విచ్‌బోర్డులోంచి చీమలు వస్తున్నాయి, ఏ మందు కొట్టాలి?

ప్రశ్న: సార్, మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వానలు మొదలైన దగ్గర్నుంచి వంటింటి స్విచ్‌బోర్డు ప్లగ్గు రంధ్రాల్లోంచి సన్న చీమలు బారులు కడుతున్నాయి. స్ప్రే కొడితే రెండు రోజులు ఆగి ఇప్పుడు పక్క గది బోర్డులోంచి కూడా వస్తున్నాయి. బోరు మోటారు స్టార్టర్ డబ్బాలోనూ ఉన్నాయి. ఏ మందు కొట్టాలి?

జవాబు: ముందు ఆ స్ప్రే పక్కన పెట్టేయండి. చాలా స్ప్రేలలో మండే గ్యాసు ఉంటుంది, స్విచ్ వేసినప్పుడు లోపల వచ్చే చిన్న నిప్పురవ్వ దానికి చాలు. పైగా మీ చీమల్ని రెండో గదికి పంపింది కూడా అదే అని నా అనుమానం.

ఒక చీమను వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. తల నల్లగా, పొట్ట దాదాపు కనిపించనంత లేతగా ఉండి, కుళ్లిన కొబ్బరి వాసన వస్తే అది మన ఇళ్లలో బాగా కనిపించే ఒక రకం. ఒళ్లంతా లేత పసుపు అయితే ఇంకో రకం. రెండింటి గుణం మాత్రం ఒకటే, పుట్టలో ఒక్క రాణి కాదు, చాలామంది ఉంటారు. మందు వాసన తగలగానే కొన్ని చీమలు ఒక రాణినీ కాసిని గుడ్లనూ పట్టుకుని వేరు కాపురం పెట్టేస్తాయి. ఒక పుట్ట పోయి మూడు అవుతాయన్నమాట.

బోర్డులోకే ఎందుకు అంటే, కరెంటు తినడానికి కాదు. వానకు నేలలో గూడు తడిసిపోయినప్పుడు వాటికి పొడిగా, కాస్త వెచ్చగా, ఎవరూ కదపని చోటు కావాలి. గోడలో వైరింగ్ పైపు గదికీ గదికీ వేసిన రోడ్డు లాంటిది, దాని చివర మీ బోర్డు. ఇంకో సంగతి, అమెరికాలో నిప్పుచీమల మీద చేసిన ప్రయోగాల్లో కరెంటు తగిలిన చీమ ఒక రసాయనం వదులుతుందని, దానికి మిగతావి ఇంకా అక్కడికే వస్తాయని తేలింది. స్విచ్ లోపల చచ్చిన చీమలు కుప్పగా కనపడటానికి అదీ ఒక కారణం కావచ్చు.

అందుకని మనం చంపకూడదు, వాటి చేతే మందు మోయించాలి. మెడికల్ షాపులో బోరిక్ పౌడర్ అడగండి. చదునుగా ఒక టీస్పూను పొడి (సుమారు 4 గ్రాములు), పది టీస్పూన్ల పంచదార, 400 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో బాగా కరిగించండి. ఘాటుగా ఉంటే త్వరగా చస్తాయి కదా అని ఇంకో స్పూను వేయకండి, అప్పుడు చీమ దారిలోనే చస్తుంది, రాణి దాకా మందు వెళ్లదు. సీసా మూతలో దూది పెట్టి ఈ నీళ్లతో తడిపి, బారు నడిచే దారిలో గోడ అంచున పెట్టండి. బోర్డులోకి మాత్రం చుక్క కూడా పోయకూడదు. మొదటి రోజు మూత చుట్టూ చీమలు నల్లగా మూగుతాయి. టెన్షన్ పడి తుడిచేయకండి, అదే మనకు కావాల్సింది. దూది ఎండితే మళ్లీ తడపండి. తగ్గడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. తీపి ముట్టకపోతే వేయించిన పల్లీ ముద్ద కొంచెం పెట్టి చూడండి, దాని మీదికి వస్తే ఆ ముద్దలోనే చిటికెడు పొడి కలపండి. పిల్లలకు, కోళ్లకు అందకుండా పెట్టి, సీసా మీద విషం అని రాయండి.

బోర్డు విప్పాలంటే స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోదు, ఫేజు స్విచ్ దాకా వచ్చే ఉంటుంది. మెయిన్ దించి, టెస్టరు పెట్టి చూసుకున్నాకే ఎలక్ట్రీషియన్ చేత తెరిపించండి. లోపల పొడి పెయింటు బ్రష్‌తో చచ్చిన చీమల్ని దులిపించాలి. స్విచ్ వేడెక్కుతున్నా, చిటపటమన్నా, కాలిన వాసన వచ్చినా శుభ్రం చేసి సరిపెట్టుకోకండి, మార్పించేయండి. పైపు మూతి పుట్టీతో మూసేది చీమలు పూర్తిగా పోయాకే, ముందే మూస్తే గోడలో ఇంకో దారి వెతుక్కుంటాయి.

స్టార్టర్ సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. మొన్న ఒక రైతు మోటారు బటన్ నొక్కితే గుమ్మని మూలుగుతోంది, తిరగడం లేదు. డబ్బా తెరిస్తే ఒక ఫేజు కాంటాక్టు మీద నలిగిన చీమలు నల్లటి పేస్టులా అంటుకుని ఉన్నాయి. రెండు ఫేజుల మీదే మోటారు లాగితే కాయిల్ కాలిపోతుంది. అలా మూలిగితే వెంటనే ఆపేయండి, మళ్లీ మళ్లీ బటన్ నొక్కకండి. స్టాప్ నొక్కినా స్టార్టర్‌కి వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది కాబట్టి మీరు తెరవకండి, తడి నేల మీద అసలు వద్దు. మెయిన్ తీయించి మెకానిక్ చేత కాంటాక్టులు శుభ్రం చేయించి, కేబుల్ దూరే కన్నాలు మూయించండి.

ఇంటి గోడకు మామిడి కొమ్మ గానీ జామ కొమ్మ గానీ తగులుతోందా చూడండి. ఆకుల కింద తెల్లటి పిండినల్లి ఉంటే అది కార్చే తీపి బంక కోసం చీమలు ఆ కొమ్మ మీదుగానే ఇంట్లోకి దిగుతాయి. గోడకు మూరెడు దూరం ఉండేలా కొట్టేయండి.