జంప్ తర్వాతి లోతు 4.74 అని రాసిన అమ్మాయి ఏ కోర్సులో చేరాలి?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. దీర్ఘచతురస్రాకార కాలువలో హైడ్రాలిక్ జంప్, అంటే వేగంగా పారే పలుచని నీరు ఒక్కసారిగా లేచి లోతుగా మారడం, జరిగాక నీటి లోతు కనుక్కోమన్న లెక్క ఎప్పుడూ తప్పే చేస్తోంది. గేటు కింది నుంచి 0.25 మీటర్ల లోతుతో, సెకనుకు 9.4 మీటర్ల వేగంతో నీరు వస్తుంటే తర్వాతి లోతు 4.74 మీటర్లని రాసింది. జవాబు 2 మీటర్లట. ఈ చేతిలెక్కలు మానిపించి, అందరూ చేరుతున్న ప్రవాహ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా? అసలు ఈ సబ్జెక్టు ఆమెకు సరిపడదేమో. రెండు దారులనూ పోల్చి చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: ముందు 4.74 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కాలువ అడుగు నుంచి కొలిచిన లోతుకు, వేగం వల్ల కలిగే శీర్షాన్ని కలిపితే స్పెసిఫిక్ ఎనర్జీ వస్తుంది. ఇక్కడ అది 0.25, 4.50 కలిసి సుమారు 4.75 మీటర్లు. మీటరు వెడల్పుకు సెకనుకు 2.35 ఘనపు మీటర్ల నీరు ఇదే శక్తితో ప్రవహించడానికి రెండు లోతులు వీలవుతాయి. ఒకటి 0.25, రెండోది 4.74. ఈ జతను ఆల్టర్నేట్ లోతులంటారు. రెండోది కావాలంటే ఘన సమీకరణాన్ని సాధించాలి; మీ అమ్మాయి దాన్ని తప్పు లేకుండా సాధించింది. పైగా గేటు దగ్గర శక్తి నష్టం చాలా తక్కువ కాబట్టి, ఆ 4.74 మీటర్లు గేటుకు ఎగువన నిలిచి ఉండే నీటి లోతు. తనను అడగని ప్రశ్నకు ఆమె సరైన జవాబు రాసింది.

జంప్ దగ్గర శక్తి మారదని అనుకోవడమే ఆమె పొరపాటు. దీన్ని చూసి సబ్జెక్టు సరిపడదని మీరు తీర్మానిస్తే, బెలాంజేకు కూడా సరిపడలేదని అనవలసి ఉంటుంది. నేడు ఎవరి పేరుతో జంప్ లోతు సమీకరణం చెలామణిలో ఉందో ఆ ఫ్రెంచి ఇంజనీరు 1828లో జంప్‌కు శక్తి సూత్రాన్నే వర్తింపజేశాడు; పదేళ్ల తర్వాత, 1838లో, ద్రవ్యవేగ సూత్రంతో దాన్ని సరిదిద్దుకున్నాడు. మీ అమ్మాయికి మీరు ఒక్క సెమిస్టరైనా ఇవ్వకుండా దారి మార్చాలని చూస్తున్నారు.

జంప్‌లో పలుచని వేగవంతమైన ప్రవాహం నెమ్మదైన లోతైన నీటిని ఢీకొంటుంది. అక్కడ లేచే సుడుల్లో శక్తి వేడిగా పోతుంది. ఎంత పోతుందో ముందుగా తెలియదు కనుక శక్తి సమీకరణంతో లెక్క మొదలుపెట్టే వీలు లేదు. ద్రవ్యవేగం సంగతి వేరు. అడుగు సమతలంగా ఉండి, ఆ కొద్ది దూరంలో అడుగు ఘర్షణను వదిలేయగలిగితే, జంప్‌కు ముందూ తర్వాతా ఈ రాశి సమానంగా ఉంటుంది:

M = q²/(g·y) + y²/2

ఇందులో q మీటరు వెడల్పుకు సెకనుకు పారే నీరు, y లోతు, g గురుత్వ త్వరణం. జంప్‌కు ముందు దీని విలువ 2.28. లోతు 2 మీటర్లైనప్పుడూ 2.28 వస్తుంది. 4.74 పెడితే 11 దాటిపోతుంది. అంటే అంత లోతైన నీరు వెనక్కి నెట్టే బలం వచ్చే ప్రవాహానికి ఉన్నదానికి అయిదు రెట్లు. అది అలాంటి జంప్‌ను అక్కడ నిలవనివ్వక గేటు మీదికి తోసేస్తుంది. పై సమానత్వాన్ని సులువు చేస్తే బెలాంజే సమీకరణం వస్తుంది:

y2/y1 = ½·(√(1 + 8·F1²) − 1)

ఇక్కడ y1, y2 జంప్‌కు ముందు, తర్వాత ఉండే లోతులు. F1 జంప్‌కు ముందు ఫ్రౌడ్ సంఖ్య, అంటే వేగాన్ని √(g·y1)తో భాగిస్తే వచ్చేది. 9.4ను √(9.81 × 0.25)తో, అంటే 1.566తో, భాగిస్తే 6 వస్తుంది. దాని వర్గం 36. దాన్ని ఎనిమిది రెట్లు చేసి ఒకటి కలిపితే 289, వర్గమూలం 17, ఒకటి తీసి సగం చేస్తే 8. తర్వాతి లోతు 0.25కు 8 రెట్లు, అంటే 2 మీటర్లు. శక్తి సమీకరణాన్ని ఇప్పుడు, చివర్లో, వాడాలి. ఆ లోతు దగ్గర స్పెసిఫిక్ ఎనర్జీ 2.07 మీటర్లు, పోయినది 2.68. మీటరు వెడల్పుకు అది సుమారు 62 కిలోవాట్లు. జవాబు పరీక్షించుకునే దారి కూడా ఇదే: లోతు కనుక్కున్నాక శక్తి నష్టం సున్నా వచ్చినా, రుణ సంఖ్య వచ్చినా ఎక్కడో దారి తప్పామని తెలుస్తుంది. మీ అమ్మాయి ఆ చివరి తీసివేత చేసి ఉంటే తన తప్పు తానే పట్టుకునేది.

ఇక మీ మనసులో ఉన్న కోర్సు. ఆ దారి మీద నాకు గట్టి సందేహాలే ఉన్నాయి. సిమ్యులేషన్‌లో కాలువ దిగువ చివర నీటి లోతు ఎంతో ప్రోగ్రామ్‌కు మనమే చెప్పాలి. అక్కడ 4.74 అని ఇచ్చే విద్యార్థికి ప్రోగ్రామ్ అడ్డు చెప్పదు. జంప్ గేటు దగ్గరే నీటిలో మునిగిపోయినట్టు, రంగురంగుల చిత్రంలో ఎంతో నమ్మకంగా చూపిస్తుంది. నదులకూ కాలువలకూ విస్తృతంగా వాడే HEC-RAS ప్రోగ్రామ్‌లో ప్రవాహాన్ని నెమ్మదైనదిగా మాత్రమే పరిగణించమని ఎంచుకుంటే, వేగంగా పారే భాగంలో క్రిటికల్ లోతును, అంటే ఆ ప్రవాహానికి స్పెసిఫిక్ ఎనర్జీ కనిష్ఠమయ్యే లోతును, పెట్టి, ఒక హెచ్చరిక చూపి ముందుకు సాగుతుంది. మన కాలువలో అది 0.83 మీటర్లు. మిశ్రమ ప్రవాహాన్ని ఎంచుకుంటేనే జంప్ ఎక్కడ ఏర్పడుతుందో వెతుకుతుంది, అదీ పైన చెప్పిన M రాశితోనే. హెచ్చరికను చదివి అర్థం చేసుకోగలవారికి ఆ సాధనం బాగా పనికొస్తుంది. మిగిలినవారి చేతికి కోర్సు ఇచ్చేది మీటలు నొక్కే అలవాటు మాత్రమే, ఆ మీటలు తర్వాతి వెర్షన్‌లో చోటు మారుతాయి కూడా.

పోల్చమన్నారు గానీ, ఇవి రెండు దారులని నేను అనుకోవడం లేదు. ఒకదాని తర్వాత మరొకటి రావాలి, క్రమం మాత్రం మీరు అనుకున్నదానికి తలకిందులు.

సమీకరణం చేతికొస్తే అంతా వచ్చేసినట్టేనని కూడా అనుకోవద్దు. ఆ 2 మీటర్లు జంప్ అక్కడే నిలవడానికి కావలసిన లోతు. దిగువ కాలువలో నిజంగా ఎంత లోతు ఉంటుందన్నది వేరే ప్రశ్న. అక్కడ 1.6 మీటర్లే ఉంటే జంప్ గేటు దగ్గర నిలవదు, దిగువకు కొట్టుకుపోతుంది. సమీకరణాన్ని తిరగేస్తే 1.6కు జతైన ముందు లోతు 0.36 మీటర్లు, ఘర్షణ వల్ల వేగం తగ్గి, 0.25 మీటర్ల పలుచని పొర 0.36కు చేరే చోటికి వెళ్లి అక్కడ జంప్ ఏర్పడుతుంది. రక్షణగా వేసిన కాంక్రీటు నేల అంతకు ముందే అయిపోతే, ఆ కిలోవాట్లన్నీ మట్టి అడుగును తవ్వుతాయి. దిగువ లోతు 2 మీటర్లు దాటితే జంప్ గేటు మీదికి మునిగిపోయి, శక్తి సరిగా ఖర్చు కాదు. వాలు అడుగుకు ఈ సమీకరణం చెల్లదు, నీటి బరువు కూడా లెక్కలోకి వస్తుంది. ట్రెపిజాయిడ్ ఆకారపు కాలువకు ఇంత చిన్న సూత్రం ఉండదు, M సమానత్వాన్ని ప్రయత్న పద్ధతిలో సాధించాలి. ఫ్రౌడ్ సంఖ్య 1.7 లోపు ఉంటే సుడులు లేని అలల వరుస మాత్రమే కనిపిస్తుంది.

మీరు చేయవలసింది చిన్నది. ఆమె మార్కుల కాగితం పక్కన పెట్టి, ఇదే కాలువలో దిగువ లోతు 1.6 అయితే ఏమవుతుందో, 2.4 అయితే ఏమవుతుందో రాసి చూపమనండి. ఒకే గ్రాఫు మీద లోతుకు ఎదురుగా శక్తి వక్రాన్నీ M వక్రాన్నీ గీయమనండి. రెండింటికీ కనిష్ఠ విలువ ఒకే చోట, 0.83 దగ్గర, వస్తుందని ఆమెకే కనిపిస్తుంది. ఇది ఒక సాయంత్రం పని. అది పూర్తయ్యాక ఆమె అడిగితే కోర్సులో నిశ్చింతగా చేర్పించండి, మొదటి వారంలోనే ఈ కాలువనే ప్రోగ్రామ్‌లో పెట్టి, 2 మీటర్లు వస్తోందో లేదో సరిచూసుకోమనండి.