సీఎఫ్‌యూ లెక్కలో పది రెట్లు తేడా ఎందుకొస్తుంది?

"ఫుడ్ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్‌లో నా సీఎఫ్‌యూ ఆన్సర్ ప్రతిసారీ పది రెట్లు తక్కువ వస్తోంది. 0.1 ఎంఎల్‌ని లెక్కలో ఎక్కడ పెట్టాలి? రెండు డైల్యూషన్లలోనూ లెక్కపెట్టగలిగే కాలనీలు వస్తే ఏది తీసుకోవాలి? వచ్చే వారమే ఎగ్జామ్, టెన్షన్‌గా ఉంది."

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. ఆ రోజు నా శాంపిల్ కాలేజీ గేటు దగ్గరి టిఫిన్ బండి మీది పల్లీ చట్నీ. రికార్డులో ఫార్ములా పొల్లుపోకుండా రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ మేడమ్ ఫార్ములా జోలికే పోలేదు. ప్లేటు చేతిలోకి తీసుకుని, "దీని మీద ఎంత చట్నీ ఉందమ్మా?" అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

లెక్క మొదటి నుంచి చూద్దాం. 10 గ్రాముల చట్నీని 90 ఎంఎల్ పెప్టోన్ వాటర్‌లో కలిపితే అది 10⁻¹. అంటే ప్రతి ఎంఎల్‌లో 0.1 గ్రాము చట్నీ ఉన్నట్టు. (100 ఎంఎల్‌లో 10 గ్రాములు వేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరుంటారు. అది పదో వంతు కాదు, పదకొండో వంతు.) అందులోంచి 1 ఎంఎల్ తీసి 9 ఎంఎల్ ఉన్న ట్యూబులో వేస్తే 10⁻², అలాగే ఇంకోసారి చేస్తే 10⁻³. ఈ 10⁻³ ట్యూబులో ఎంఎల్‌కి 0.001 గ్రాము చట్నీ ఉంటుంది. స్ప్రెడ్ ప్లేట్ మీద మనం వేసేది ఎంఎల్ మొత్తం కాదు, 0.1 ఎంఎల్ మాత్రమే. కాబట్టి ప్లేటు మీద పడిన చట్నీ 0.0001 గ్రాము. మీరు వదిలేస్తున్న పది రెట్లు ఇక్కడే ఉన్నాయి. ట్యూబు మీద 10⁻³ అని రాసి ఉంటుంది, ప్లేటు మీద పడేది మాత్రం 10⁻⁴ గ్రాము. పోర్ ప్లేట్ అయితే 1 ఎంఎల్ పూర్తిగా వేస్తాం కాబట్టి ఈ గొడవ లేదు. అందుకే పోర్ ప్లేట్ లెక్కకు అలవాటు పడ్డవాళ్లే స్ప్రెడ్ ప్లేట్ దగ్గర ఎక్కువగా తప్పుతారు.

ఇప్పుడు ప్లేట్లు ఇలా వచ్చాయనుకోండి. 10⁻² ప్లేట్లలో లెక్కపెట్టలేనన్ని కాలనీలు. 10⁻³ ప్లేట్లు రెండింటిలో 238, 222. 10⁻⁴ ప్లేట్లలో 28, 26. 25 నుంచి 250 వరకు లెక్కలోకి తీసుకునే పద్ధతిలో ఈ నాలుగూ పనికొస్తాయి. 10⁻³ ప్లేట్ల సగటు 230. దాన్ని 0.0001తో భాగిస్తే గ్రాముకి 2.3 × 10⁶. 0.1ని మర్చిపోయి ఉంటే 2.3 × 10⁵ వచ్చేది.

రెండు డైల్యూషన్లూ పరిధిలోనే ఉంటే ఏదో ఒకటి ఎంచుకోనక్కర్లేదు. రెండు సగటులు కట్టి మళ్లీ వాటికి సగటు తీయడం కూడా సరైనది కాదు. అలా చేస్తే 54 కాలనీలకూ 460 కాలనీలకూ ఒకే విలువ ఇచ్చినట్టవుతుంది. మొత్తం కాలనీలను మొత్తం చట్నీతో భాగించాలి. కాలనీలు 514. చట్నీ 10⁻³ ప్లేట్లు రెండింటిలో 0.0002 గ్రాము, 10⁻⁴ ప్లేట్లు రెండింటిలో 0.00002 గ్రాము, కలిపితే 0.00022. భాగిస్తే 23,36,364 వస్తుంది, రాయాల్సింది 2.3 × 10⁶. పుస్తకాల్లోని భయంకరమైన ఫార్ములా చెప్పేదీ ఇదే:

```
N = ΣC / [V × (n1 + 0.1 × n2) × d]
  = 514 / [0.1 × (2 + 0.2) × 0.001]
```

ఇక్కడ ΣC అంటే మొత్తం కాలనీలు, V అంటే ఒక్కో ప్లేటు మీద వేసిన ఎంఎల్, d అంటే రెండింటిలో తక్కువ పలచన చేసినది, అంటే 10⁻³. n1, n2 ఆయా డైల్యూషన్లలో లెక్కించిన ప్లేట్ల సంఖ్య.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక్కసారి వరసగా ఉన్న రెండు డైల్యూషన్లను పోల్చి చూడండి. కాలనీలు సుమారు పదో వంతుకు తగ్గాలి. 230 నుంచి 27కి రావడం మామూలే. నాకు ఒకసారి 10⁻³లో 61, 10⁻⁴లో 48 వచ్చాయి. కంగారులో టిప్ మార్చకుండా అదే టిప్‌తో తర్వాతి ట్యూబులోకి వెళ్లిపోయాను. టిప్ గోడలకు అంటుకున్న ద్రవం కూడా అందులోకి దిగింది. అలాంటి ప్లేట్లకు ఫార్ములా వేస్తే ఏదో ఒక అంకె వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు. తేడా పది రెట్లకన్నా బాగా ఎక్కువగా ఉంటే, ట్యూబును సరిగ్గా కలపకుండానే పిపెట్ ముంచారేమో చూసుకోండి. పల్లీ చట్నీలాంటి ముద్ద శాంపిల్స్ అడుక్కి దిగిపోతాయి. కలిపిన వెంటనే తీయాలి.

కొన్ని కాలేజీల్లో 30 నుంచి 300 పరిధి చెబుతారు. ఆ పద్ధతిలో 28, 26 లెక్కలోకి రావు, 10⁻³ ప్లేట్లే మిగులుతాయి. మీ మాన్యువల్‌లో ఏది ఉందో చూసి, వాడిన పరిధిని జవాబు పక్కనే రాయండి. మా మేడమ్ దానికి విడిగా ఒక మార్కు వేశారు.