ప్రసంగం కుర్చీల గురించే, అమ్మ మాత్రం చాప మీద

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా అమ్మ మామిడి సీజన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీకి నైట్ షిఫ్ట్‌కు వెళ్తుంది. పోయిన ఆదివారం డ్యూటీ దిగి నేరుగా చర్చికి వస్తే, ఆమెను కుర్చీలోంచి లేపి ఒక కాంట్రాక్టర్ గారి కుటుంబాన్ని కూర్చోబెట్టారు. అమ్మ వెనక చాప మీద కూర్చుంది. ఆ రోజు ప్రసంగం మాత్రం దేవుని ఇంట్లో కులం, డబ్బు, చదువు చూడకూడదని! అమ్మ ఇక చర్చికి రానంటోంది. మా ఆయన గొడవ వద్దంటున్నారు. సంఘం మారిపోదామా?

జవాబు: మారడం సంగతి తర్వాత. ఆ రోజు చదివింది బహుశా యాకోబు పత్రిక 2వ అధ్యాయం అయివుంటుంది, ఈ అంశానికి ఎక్కువమంది దాన్నే తీసుకుంటారు. ఇంటికెళ్లి మళ్లీ చదవండి. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించి, మాసిన బట్టలవాడిని నిలబడమనడం, లేదా కాళ్ల దగ్గర కూర్చోమనడం గురించే యాకోబు రాశాడు. 9వ వచనంలో దాన్ని మర్యాద తప్పడం అనలేదు, పాపం అన్నాడు. అంటే మీరు కొత్తగా తగువు తేవడం లేదు, పాస్టర్ గారు చెప్పిన వాక్యాన్నే ఆయనకు గుర్తుచేస్తున్నారు.

మీ ఆయన భయంలోనూ అర్థముంది. సాక్ష్యాల సమయంలో లేచి అందరి ముందు అనకండి. మత్తయి 18వ అధ్యాయం కూడా మొదట ఒంటరిగా మాట్లాడమనే చెబుతుంది. వారం మధ్యలో ఒక సాయంత్రం ఇద్దరూ వెళ్లి, "అయ్యగారూ, మీరు ఆ వాక్యం చెబుతున్నప్పుడు మా అమ్మ కుర్చీలోంచి లేచి చాప మీదికి వెళ్లింది" అని జరిగింది మాత్రం చెప్పండి. కులం చూసి లేపారా, కానుక చూసి లేపారా అని మీరు తేల్చబోకండి. అక్కడికి వెళ్తే మాట ఎటో పోతుంది. వచ్చిన వరసలో కుర్చీలు ఇవ్వాలనీ, లేపాల్సి వస్తే మోకాళ్ల నొప్పులవాళ్ల కోసమే లేపాలనీ అడగండి.

ప్రేమ విందు సంగతి కూడా చూడండి. కొరింథులో కలిగినవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో మిగిలేవాళ్లు. అందుకే పౌలు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోమన్నాడు. షిఫ్ట్ దిగి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లకు మీ దగ్గర కూర అడుగున మిగిలిందే వస్తోందా? వస్తుంటే అదీ చెప్పండి.

అమ్మకు మాత్రం క్షమించమనే వాక్యాలు వినిపించకండి. (లేపినవాళ్లకు ఎవరూ వినిపించని వాక్యాలవి.) లేపిన మనిషే ఇంటికొచ్చి "రండమ్మా" అనాలి, పాస్టర్ గారిని అదే అడగండి. ఆయన కంగారుపడి, తప్పు ఒప్పుకుని ఏదో ఒకటి మారిస్తే కొన్నాళ్లు ఉండండి. "వాళ్లు పెద్దవాళ్లమ్మా, సర్దుకోవాలి" అన్న మాటే మళ్లీ మళ్లీ వస్తే, అప్పుడు వేరే సంఘం చూసుకోండి. అక్కడికి మొదటి రోజు నైట్ షిఫ్ట్ దిగిన చీరతోనే అమ్మను తీసుకెళ్లండి.