రాత్రిపూట వెబ్‌క్యామ్ బొమ్మలో చుక్కలెందుకు?

రాత్రి గదిలో లైటు వేసినా వెబ్‌క్యామ్‌లో బొమ్మ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. కెమెరా సెట్టింగుల్లో లో లైట్ బూస్ట్ పెడితే వీడియో ఆగి ఆగి నడుస్తోంది. ఎందుకు?

చిన్న సెన్సార్‌కు చాలినంత వెలుతురు అందక, కెమెరా ఆ బలహీనమైన సిగ్నల్‌ను గెయిన్‌తో పెంచుతుంది. దాంతోపాటు నాయిస్ కూడా పెరిగి చుక్కలుగా కనిపిస్తుంది.

సెకనుకు 30 ఫ్రేములు తీయాలంటే ఒక్కో ఫ్రేముకు ఎక్స్‌పోజర్, అంటే సెన్సార్ వెలుతురు పట్టే సమయం, 33 మిల్లీసెకన్లు దాటకూడదు. బూస్ట్ ఆన్ చేస్తే చాలా కెమెరాలు ఈ పరిమితిని సడలిస్తాయి. ఉదాహరణకు 15 ఫ్రేములకు దిగితే ఎక్స్‌పోజర్ 66 మిల్లీసెకన్ల దాకా సాగుతుంది. రెట్టింపు వెలుతురు చేరుతుంది కాబట్టి గెయిన్ సగం చాలు, చుక్కలు తగ్గుతాయి. కానీ ఫ్రేములు తగ్గడం వల్ల వీడియో ఆగి ఆగి నడుస్తుంది, చెయ్యి ఊపితే మసకగా సాగినట్టు కనిపిస్తుంది. కదలకుండా కూర్చుని మాట్లాడేవారికి ఇది నష్టమేమీ కాదు.

చాలామంది తప్పు నెట్ స్పీడుదనుకుంటారు. కాల్ లేకుండా కెమెరా యాప్ తెరిచి చూడండి, అక్కడా చుక్కలుంటే నెట్‌కు సంబంధం లేదు. ముఖానికి ఎదురుగా ఒక దీపం పెడితే 30 ఫ్రేములు వదులుకోనక్కర్లేదు.