తమిళ అక్షరాల్లో రాసిన తెలుగు పాట: చిరిగిన పేజీ నుంచి పల్లవి దాకా

ప్రశ్న: చెన్నైలో ఉంటాం. మా అమ్మమ్మ జేబు పుస్తకంలో తమిళ లిపిలో రాసుకున్న తెలుగు పాట ఒకటుంది. పల్లవి ఉన్న పేజీ లేదు, ఎడమ అంచు చిరిగిపోయింది. "..వుక ఇసుకలోన పొ..లిన ఉటుత పక్తికి / ..ణిన్సి ప్రోసితివని నె.. నమ్మితిని తంట్రి" అని మాత్రం కనిపిస్తోంది. వెతికితే ఏమీ రావట్లేదు. ఇది ఏ పాట?

జవాబు: ఇది భద్రాచల రామదాసు కీర్తన అండీ, "పలుకే బంగారమాయెనా కోదండపాణి". మీ దగ్గరున్నది అందులో ఒక చరణం. ఎలా తేల్చానో కూడా చెప్తాను, ఆ పుస్తకంలో మిగతా పాటలకూ పనికొస్తుంది.

మాది పెరంబూర్. మా నాయనమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడేది కానీ బడిలో చదివింది తమిళం, అందుకే ఆమె పాటల పుస్తకం మొత్తం తమిళ లిపిలోనే ఉంది. దాన్ని తెలుగులోకి ఎత్తి రాసేటప్పుడు నాకు బాగా తెలిసొచ్చిందేంటంటే, కనిపించింది కనిపించినట్టు టైపు చేసి వెతికితే పాట దొరకదు. తమిళంలో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ట డ లకు ఒకటి, త థ ద ధ లకు ఒకటి, ప బ భ లకు ఒకటి. చ రాసిన చోట స అని చదువుతాం. కాబట్టి మీ "ఉటుత పక్తికి" అంటే "ఉడుత భక్తికి", "ప్రోసితివని" అంటే "బ్రోచితివని", "తంట్రి" అంటే "తండ్రి". మా పుస్తకంలో "తియాకరాజ" అని కనిపించింది త్యాగరాజ ముద్రే, అంటే పాట రాసినవారు పాటలో పెట్టుకునే తమ పేరు. ముందు ఈ మార్పులన్నీ చేసి, ఆ తర్వాత చిరిగిన చోట్ల సంగతి చూడాలి.

చిరిగిన అక్షరాలకు ప్రాస ఆధారం. ఇలాంటి కీర్తనల్లో పాదం మొదటి మాటలో రెండో అక్షరం ఏ హల్లు అయితే, తర్వాతి భాగాల మొదటి మాటల్లోనూ రెండో చోట చాలావరకు అదే హల్లు వస్తుంది. మీ రెండో పంక్తి మొదట్లో "..ణించి" ఉంది, వెంటనే "బ్రోచితివని" ఉంది, అంటే దేవుడు చేసిన పని. అక్కడ "కరుణించి" తప్ప వేరే మాట అంత సహజంగా కుదరదు. దాంతో ప్రాస అక్షరం ర అని తేలింది. ఇక దాన్ని మిగతా ఖాళీల్లో పెట్టి చూడండి: పొరలిన, నెర నమ్మితిని, మొదటి మాట "ఇరవుగ". మొత్తం చరణం ఇలా వస్తుంది:

ఇరవుగ ఇసుకలోన పొరలిన ఉడుత భక్తికి
కరుణించి బ్రోచితివని నెర నమ్మితిని తండ్రి

"పొ..లిన" దగ్గర అసలు అక్షరం పోయిందో లేదో మళ్ళీ ఒకసారి చూడండి. చేతిరాతలో తమిళ ర, "ఆ" దీర్ఘానికి వాడే గుర్తు దాదాపు ఒకేలా ఉంటాయి, తమిళంలో "పొ" చివర కూడా అదే గుర్తు వస్తుంది కాబట్టి "పొర" రాస్తే ఆ రెండూ పక్కపక్కనే పడతాయి. ఒకే గీత అనుకుని వదిలేసే అవకాశం ఎక్కువ. పెన్సిల్ రాత అయితే టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి, పేజీ మీద పడిన ఒత్తిడి గీతలు కూడా కనిపిస్తాయి.

వెతికేటప్పుడు "ఉడుత భక్తి" ఒక్కటే కొట్టకండి, అది నానుడి కాబట్టి వేరే సంగతులే వస్తాయి. "ఇసుకలోన పొరలిన" లాంటి తెగని ముక్క కొడితే నేరుగా కీర్తనకే వెళ్తారు.

ఒక్క చరణం కలిసిందని ఆగొద్దు, ఊడిన పేజీలు వేరే పాటవి కూడా అయి ఉండొచ్చు. దీనికి మంచి ఆనవాలు చివరన వచ్చే "తండ్రి". "రాతి నాతిగ చేసి భూతలమున ప్రఖ్యాతి" అనే చరణంలో ప్రాస త, "ఎంత వేడినను నీకు సుంతైన" అనే దాంట్లో "ంత", రెండూ "తండ్రి" తోనే ముగుస్తాయి. ముద్ర ఉండే ఆఖరి చరణం మాత్రం అలా ముగియదు, "కరుణించు భద్రాచల వర రామదాస పోష" అని ఉంటుంది. తమిళ లిపిలో అది "పత్రాసల", "రామతాస" లాగా కనిపిస్తుంది, ఆ ఆకారం కోసం చూడండి. చరణాల వరుస అచ్చు పుస్తకంతో కలవకపోయినా కంగారు పడక్కర్లేదు, పాడేవాళ్ళు ముందువెనకలు చేస్తారు, ఈ పాటలో వచ్చే "పిలచిన" ను "పిలిచిన" అని కూడా రాసుకుంటారు. ఎక్కువగా ఆనందభైరవిలో పాడతారు, పేజీ పైన రాగం పేరు మిగిలుంటే దాన్నీ చూసుకోండి.

ముద్ర ఉన్న పేజీ కూడా పోయి, ప్రాస కూడా సరిగ్గా అందని పాటలుంటే మాత్రం ఈ పద్ధతి ఒక్కటే సరిపోదు. వాటిని వీలైనన్ని పంక్తులతో, ఖాళీలు ఖాళీలుగానే ఉంచి ఇక్కడ పెట్టండి, చూస్తాను.