కోన్ల మధ్య మూడడుగులు కుదరకపోతే

"హర్డిల్స్ సాధనలో మా ఏడో తరగతి పిల్లలు కోన్ల మీదుగా దూకుతూ, వాటి మధ్య నాలుగడుగులు వేస్తున్నారు సార్. ప్రతిసారీ కోన్ దాటే ముందు కాలు మారిపోతోంది."

కోన్ల మధ్య దూరం వాళ్ళ అంగకు ఎక్కువైనట్టుంది. సరిసంఖ్యలో అడుగులు పడితే కాలు మారక తప్పదు.

1. మూడు వరుసలు పెట్టండి: కోన్ల మధ్య 5.5, 6, 6.5 మీటర్లు. ఎవరికి ఏ వరుసలో మూడడుగులు తేలిగ్గా పడితే వాళ్ళది ఆ వరుస. కోన్ల ఎత్తు 20 సెంటీమీటర్లు చాలు.

2. చాలామంది తప్పేది లెక్క దగ్గరే. దిగిన అడుగును లెక్కపెట్టకూడదు. కుడికాలు ముందు వెళ్ళే పిల్లకి దిగిన కుడి సున్నా. తర్వాత ఎడమ ఒకటి, కుడి రెండు, ఎడమ మూడు. ఆ మూడో అడుగుతోనే లేవాలి, అప్పుడు మళ్ళీ కుడికాలే ముందుకొస్తుంది. దిగగానే "ఒకటి" అంటే అక్కడే తాళం తప్పుతుంది. మొదట నడుస్తూ, లెక్క పైకి అంటూ చేయించండి.

3. ముందు కాలికి విడిగా: కోన్ పక్కగా నడుస్తూ మోకాలు ముందు లేపాలి, పాదం తర్వాత చాపాలి, వెంటనే కిందికి దించాలి. కాలు నిటారుగా విసిరితే పైకి ఎగిరి, దిగాక ఆగిపోతారు.

మట్టి నేలైతే దిగిన చోట జాడ చూడండి. మడమ గుంట లోతుగా ఉంటే ఇంకా ఎగురుతున్నారనే. లేచే చోటు కోన్‌కి మరీ దగ్గరైంది, ఒక పాదమంత వెనక సుద్దగీత గీయండి.