అమ్మలూ, కాన్ఫరెన్స్‌కి టూరిస్ట్ వీసా వద్దు, ఎందుకో చెప్తా విను

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో సగమే విన్నాను, ఇక్కడ కరెంట్ పోయి రౌటర్ ఆగిపోయింది. అర్థమైంది ఏటంటే, అక్టోబర్ 6 నుంచి 8 దాకా మ్యూనిక్‌లో కాన్ఫరెన్స్, నీ పేపర్ సెలెక్ట్ అయింది, పదిహేను నిమిషాలు మాట్లాడాలి, తర్వాత రెండు రోజులు పక్కనే ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ చూసి వస్తావు. కోట జంక్షన్ దగ్గర వీసా పనులు చేసే అబ్బాయేమో "టూరిస్ట్ పెట్టేద్దాం మేడం, మూడు రోజులకి బిజినెస్ ఎందుకు, కాలేజీ కాగితాలన్నీ తెమ్మంటారు, టూరిస్ట్ అయితే హోటల్ బుకింగ్ ఒకటి చాలు" అన్నాడు. ఆ అబ్బాయి చెడ్డోడు కాదు, ఆళ్ళకి కాగితాలు తగ్గితే పని తగ్గుతుంది అంతే. కానీ వీసా రాకపోతే పోయేది నీ డబ్బు, నీ పేపర్.

ముందు ఒకటి తెలుసుకో. జర్మనీకి టూరిస్ట్ వీసా అనీ బిజినెస్ వీసా అనీ రెండు వేరే వేరే స్టిక్కర్లు ఉండవమ్మా. తొంభై రోజుల్లోపు వెళ్ళేవాళ్ళందరికీ ఒకటే షెంజెన్ వీసా, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి చెల్లేది, దాన్ని సీ టైప్ అంటారు. ఫీజు కూడా ఒకటే, 90 యూరోలు, దాని మీద వీసా అప్లికేషన్లు తీసుకునే వీఎఫ్ఎస్ కంపెనీ సర్వీస్ ఛార్జి. తేడా అంతా అప్లికేషన్‌లో "ప్రయాణం ఎందుకు" అని అడిగే చోట ఏ గడిలో టిక్ పెట్టావు, దానికి తగ్గ కాగితాలు ఇచ్చావా లేదా అన్నదాన్ని బట్టే. టూరిజం, బిజినెస్, బంధువుల దగ్గరికి, చదువు, వైద్యం, ఇలాగ గడులు ఉంటాయి. అంటే ఆ అబ్బాయి నిన్ను అడుగుతున్నది "ఏ వీసా" అని కాదు, "ఎందుకెళ్తున్నావో ఏటి రాయమంటావు" అని. అలాగ చూస్తే జవాబు నీకే తెలిసిపోతుంది కదా, కాన్ఫరెన్స్‌కి వెళ్తూ టూరిజం అని రాస్తే అది నిజం కాదు.

నా సంగతి చెప్తాను, మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 2013లో నేను ఉద్యోగంలో ఉండగా యూరప్‌లో ఒక దేశంలో టెక్నికల్ సెమినార్‌కి కంపెనీ పంపిస్తానంది. ఏజెంట్ టూరిజం అని నింపాడు, ఐదు రాత్రులకి హోటల్ బుకింగ్, చూసే చోట్ల లిస్ట్ అన్నీ చక్కగా పెట్టాడు, నేనూ చూసి ఊరుకున్నాను. కానీ మా ఆఫీసు వాళ్ళు ఇచ్చిన లీవ్ లెటర్‌లో "టెక్నికల్ సెమినార్‌లో పాల్గొనుట నిమిత్తం" అని ఒక్క లైన్ ఉంది. అది ఎవరూ చదవలేదు, అక్కడ చదివేవాళ్ళు చదివారు. మూడు వారాలకి పాస్‌పోర్ట్‌తోపాటు ఒక కాగితం వచ్చింది, దాంట్లో కారణాల లిస్ట్ ముందే అచ్చేసి ఉంటుంది, మనకి వర్తించిన దానికి టిక్ పెడతారు. నాకు పెట్టింది ప్రయాణ ఉద్దేశం గురించి నేను ఇచ్చిన సమాచారం నమ్మదగ్గది కాదు అనే దానికి. ఫీజు వెనక్కి రాలేదు, సెమినార్‌కి ఇంకొకాయన వెళ్ళాడు. తర్వాత యూకే వీసా పెట్టినప్పుడు "ఎప్పుడైనా ఏ దేశమైనా రిఫ్యూజ్ చేసిందా" అని అడిగారు, అవును అని రాసి మళ్ళీ కథంతా చెప్పుకోవాల్సొచ్చింది. షెంజెన్ దేశాలన్నిటికీ కలిపి ఒక వీసా డేటాబేస్ ఉంది, అందులో ఆ రికార్డు ఐదేళ్ళు ఉంటుంది, కాబట్టి వేరే దేశం నుంచి పెట్టేస్తే తెలీదులే అనుకోకు.

మరి వీసా వచ్చేసిందనుకో, ఏటి ప్రమాదం అంటావా? మ్యూనిక్ ఎయిర్‌పోర్ట్‌లో దిగాక బోర్డర్ పోలీస్ "ఎందుకొచ్చారు, కాగితం చూపించండి" అని అడగొచ్చు, అడిగే హక్కు వాళ్ళకుంది. నువ్వేమో కాన్ఫరెన్స్ అంటావు, వాళ్ళు చూస్తే అప్లికేషన్‌లో టూరిజం అని ఉంటుంది. అబద్ధం చెప్పి తెచ్చుకున్న వీసా అని తేలితే రద్దు చెయ్యొచ్చని వాళ్ళ వీసా చట్టంలోనే ఉంది. అందరికీ అలాగ జరుగుతుందని కాదు, చాలామంది దాటేసుంటారు, కానీ పేపర్ చదవడానికి వెళ్ళే మనిషికి ఆ టెన్షన్ ఎందుకు చెప్పు.

ఇంకో మెలిక ఉంది. బిజినెస్ అనగానే మనోళ్ళు వ్యాపారం అనుకుంటారు, పలాస జీడిపప్పు అమ్మడానికి వెళ్ళేవాళ్ళకేగా అనుకుంటారు. కాదమ్మా, ఆ చట్టంలో బిజినెస్ కింద వృత్తికి సంబంధించిన మీటింగులు, కాన్ఫరెన్సులు కూడా వస్తాయి. సైన్స్ సభలు, సాంస్కృతిక సభలు లాంటి వాటికి ఇంకో వరస కూడా రాశారు. రెండిట్లో ఏది చూసినా అడిగేది ఇంచుమించు ఒకటే: పిలిచినవాళ్ళ ఉత్తరం, రిజిస్ట్రేషన్ లేదా ప్రోగ్రాం, ఎన్ని రోజులు అన్నది. వీఎఫ్ఎస్ సైట్‌లో జర్మనీ చెక్‌లిస్టులు తెరిచి, కాన్ఫరెన్స్ అనే మాట ఏ లిస్ట్‌లో ఉంటే అదే ప్రింట్ తీసుకో, టూరిస్ట్ చెక్‌లిస్ట్ జోలికి పోకు. సాల్జ్‌బర్గ్ సంగతి దాచక్కర్లేదు. ఆ గడిలో ఒకటి కంటే ఎక్కువ కారణాలు పెట్టనిస్తారు, దాని కిందే వివరం రాసే చోటు ఉంటుంది, అక్కడ "కాన్ఫరెన్స్ ముఖ్యం, తర్వాత రెండు రోజులు ఆస్ట్రియా సందర్శన" అని రాసెయ్. ముఖ్యమైన పని ఎక్కడుందో ఆ దేశానికే అప్లై చెయ్యాలి, నీకు అది జర్మనీ. ఆ రెండు రోజుల్ని ఆరు రోజులు చేసి ఆస్ట్రియాలో ఎక్కువ తిరిగావనుకో, అప్పుడు "మీరు ఆ దేశానికి కదా పెట్టాల్సింది" అని అడిగే వీలు ఇస్తావు. రెండు రోజులకే ఆపు.

కాగితాలు ఎలాగ కలిసి మాట్లాడాలో నీ కేసులోనే చూద్దాం. ఆర్గనైజర్లకి ఇవాళే మెయిల్ పెట్టు, వీసా కోసం ఇన్విటేషన్ లెటర్ కావాలని. అందులో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే నీ పూర్తి పేరు, పాస్‌పోర్ట్ నంబర్, నీ పేపర్ టైటిల్, జరిగే చోటు, తేదీలు, ఖర్చు ఎవరిది అన్నవి ఉండాలి. ఈ ఖర్చు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఆర్గనైజర్ లెటర్‌లో "ఖర్చులు అభ్యర్థివే" అని ఉంటుంది, నువ్వెళ్ళడానికి అభ్యంతరం లేదని కాలేజీ ఇచ్చే ఎన్ఓసీలో క్లర్క్ పాత ఫార్మాట్ కాపీ కొట్టి "ఖర్చులన్నీ సంస్థ భరిస్తుంది" అని టైప్ చేస్తాడు, అప్లికేషన్‌లో నువ్వేమో "నా డబ్బు" అని టిక్ పెడతావు. మూడు కాగితాలు మూడు మాటలు! నీ విషయంలో రిజిస్ట్రేషన్ ఫీజు కాలేజీ ఇస్తోంది, టికెట్, హోటల్ నీవి. అదే మాట నాలుగు చోట్లా రావాలి: ఎన్ఓసీలో, కవరింగ్ లెటర్‌లో, ఫారంలో, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో. స్టేట్‌మెంట్‌లో అంటే జీతం నెల నెలా పడుతూ, ఆ ఖర్చుకి సరిపడా నిలవ కనిపించాలి, అప్లై చేసే ముందు వారం మీ నాన్న ఖాతాలోంచి మూడు లక్షలు ఒకేసారి పడితే అది నీకు సాయం చెయ్యదు, అనుమానం తెస్తుంది. నిజంగా నాన్నే పెడుతుంటే నాన్న ఉత్తరం, నాన్న స్టేట్‌మెంట్ పెట్టు, దాచకు.

ఎన్ఓసీలో ఇంకో రెండు మాటలు తప్పకుండా ఉండాలి. సెలవు మంజూరు అయిన తేదీలు, తిరిగి డ్యూటీలో చేరే తేదీ. నువ్వు తిరిగొస్తావా అన్నదే వాళ్ళ అసలు సందేహం, పెళ్ళికాని, కొత్తగా చేరిన లెక్చరర్‌వి కాబట్టి నీ ఉద్యోగం ఇక్కడ ఎదురుచూస్తోందని కాగితమే చెప్పాలి.

తేదీలు: 4న వైజాగ్‌లో విమానం, 5న మ్యూనిక్, 9, 10 సాల్జ్‌బర్గ్, 11 రాత్రి తిరుగు విమానం. షెంజెన్‌కి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరు గడువు అక్కడ దిగే రోజుకి 15 రోజుల ముందు, అంటే సెప్టెంబర్ 20, కానీ ఆ రోజు దాకా ఆగితే చచ్చామే, అపాయింట్‌మెంటే దొరకదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు అంటారు, ఇంకా చూడాలి అనుకుంటే 45 దాకా లాగొచ్చు. కాబట్టి జూలైలో హైదరాబాద్ అపాయింట్‌మెంట్ పట్టు, వేలిముద్రలకి నువ్వే వెళ్ళాలి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది, షెంజెన్ దేశాలన్నిటికీ చెల్లేది, 4 నుంచి 15 దాకా తీసుకో, విమానం ఆలస్యమైతే కూడా కవర్ ఉంటుంది. విమానం టికెట్ రిజర్వేషన్ మాత్రం చూపించు, వీసా రాకుండా పూర్తి డబ్బు కట్టి రిఫండ్ లేని టికెట్ కొనకు.

ఒక్క హద్దు గుర్తుంచుకో, ఈ వీసా మీద వినడం, మాట్లాడడం, కలవడం వరకే, అక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. ఎవరైనా లెక్చర్‌కి డబ్బు ఇస్తామంటే నువ్వే తేల్చుకోకు, ముందే ఆర్గనైజర్‌ని అడిగి ఇన్విటేషన్ లెటర్‌లోనే రాయించు. రానూపోనూ ఖర్చులు తిరిగిస్తే అది వేరే సంగతి.

నీ ఫ్రెండ్ అమెరికాకి వెళ్తోందన్నావు కదా, అక్కడ బీ1 అంటే వృత్తి పనులకి, బీ2 అంటే పర్యటనకి, మామూలుగా రెండూ కలిపి ఒకే వీసాగా ఇస్తారు, కాన్ఫరెన్స్ బీ1 కిందకొస్తుంది. యూకేలో స్టాండర్డ్ విజిటర్ ఒక్కటే, పర్యటనకీ కాన్ఫరెన్స్‌కీ. దాన్నిబట్టి నీకు జర్మనీలో కూడా ఏ గడైనా పర్లేదు అని ఎవరైనా చెప్తే నమ్మకు, అక్కడా ఫారంలో ఎందుకెళ్తున్నావో నిజమే రాయాలి.

మరొకటి, నీ మెయిల్‌కి వచ్చిన కాన్ఫరెన్స్ నిజమైనదేనా అని మీ హెచ్ఓడీని అడిగావా? ఒకే హోటల్లో ఒకే రోజున కెమిస్ట్రీ, నర్సింగ్, ఎంబీఏ అన్నీ పెట్టి డబ్బు కట్టగానే లెటర్ పంపేసే బాపతు ఉంటాయి, ఆ లెటర్‌తో వెళ్తే వీసా ఆఫీసర్ ముందు నువ్వే ఇరుకున పడతావు. పేపర్‌ని నిజంగా ఎవరైనా చదివి కామెంట్స్ పంపారా, పోయినేడు ఎవరెవరు మాట్లాడారో ప్రోగ్రాం దొరుకుతోందా, అది చూడు.

ఎన్ఓసీ డ్రాఫ్ట్, ఇన్విటేషన్ మెయిల్, పాస్‌పోర్ట్ మొదటి పేజీ నాకు వాట్సాప్ చెయ్. పాస్‌పోర్ట్‌లో రెండు ఖాళీ పేజీలు ఉన్నాయా, తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లుతుందా చూసుకో. ఫారం మాత్రం ఆ అబ్బాయి టైప్ చేసినా సబ్మిట్ చేసే ముందు పక్కన కూర్చుని ప్రతి గడీ నువ్వే చదువు, సంతకం నీది. 12న ఇంటికొచ్చేస్తావు కాబట్టి సిరిమాను సంబరానికి ఇక్కడే ఉంటావు, మీ పెద్దమ్మ అప్పుడే అడుగుతోంది.

మీ పెద్దనాన్న
విజయనగరం